పేపర్ మాన్పించాక బిల్లు ఆగాలంటే

పొద్దున్నే గేటు దగ్గర పేపర్ వేసే కుర్రాడితో "రేపటి నుంచి వద్దు బాబూ" అని చెప్పేసి, పని అయిపోయిందనుకుంటాం. చాలా ఇళ్లలో పేచీ అక్కడే మొదలవుతుంది. బిల్లు రాసేది ఏజెంటు. ఆ మాట అతని పుస్తకంలోకి ఎక్కకపోతే నెలాఖరున బిల్లు మామూలుగానే వస్తుంది.

అందుకే ఏజెంటుకే చెప్పాలి, అదీ రాతలో. పేరు, ఇంటి నంబరు, పత్రిక పేరు, ఏ తేదీ నుంచి వద్దో రాసి వాట్సాప్‌లో పంపి, సరేనని జవాబు తీసుకోండి. అతను కాపీలు ముందుగానే చెప్పి తెప్పించుకుంటాడు కాబట్టి రెండు మూడు రోజుల వ్యవధి ఇవ్వడం న్యాయం.

నెల మధ్యలో ఆపితే సగం బిల్లు అని లెక్కగట్టకండి, ఆదివారం ధర వేరుగా ఉండొచ్చు. మామూలు రోజు 7 రూపాయలు, ఆదివారం 10 అనుకుందాం. 15వ తేదీ వరకు రెండు ఆదివారాలు వస్తే 13 రోజులకు 91, ఆదివారాలకు 20, మొత్తం 111. ఇంటికి వేసే చార్జీ ఉంటే అదనం. రసీదు మీద "15 వరకు చెల్లు" అని రాయించుకోండి.

ఆ తర్వాత కూడా పేపర్ పడితే ఫొటో తీసి అదే రోజు ఏజెంటుకు పంపండి. ఊరుకుంటే తీసుకున్నట్టే లెక్కేస్తారు.

మ్యాగజైన్‌కు ఆటోపే పెట్టి ఉంటే చందా రద్దు చేయడంతో సరిపెట్టుకోకండి, యూపీఐ యాప్‌లో ఆ ఆటోపేనూ రద్దు చేయండి.