స్థలం కాగితాలకు అరగంట

200 గజాల స్థలం బేరం కుదిరింది. బయానా ఇచ్చేముందు కాగితాలు చూపించుకోవాలని కొనే మనిషి వకీలుకు మెసేజ్ పెట్టాడు: ‘సార్, శనివారం ఓ గంట ఇవ్వగలరా?’ ఆయన దగ్గర ఉన్నది అరగంటే. ‘కుదరదు’ అనకుండా ఇలా జవాబిచ్చాడు:

‘నమస్తే అండీ. శనివారం 5 నుంచి 5.30 వరకే వీలవుతుంది. 5.30కి వేరేవాళ్లు వస్తారు. అమ్మేవారి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, 30 ఏళ్ల ఈసీ గురువారంలోగా పంపండి. ప్రతి పేజీ ఫొటో కావాలి, షెడ్యూల్ పేజీ మరవద్దు. స్థలం నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సర్వే నంబరు కొట్టి చూడండి. అమ్మేవారికి అది ఎలా వచ్చిందో నాలుగు వరుసల్లో రాయండి. ధర, వాస్తు మన అరగంటలో వద్దు.’

ఈ జవాబులో కిటుకంతా గురువారంలో ఉంది. కాగితాలు శనివారం చేతికొస్తే అరగంటా చదవడానికే చాలదు. ముందే వస్తే వకీలు చదివి ఉంటాడు, మాట్లాడుకోవాల్సింది సందేహాలే. షెడ్యూల్ పేజీని విడిగా అడగడానికీ కారణముంది. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు ఉండేది అందులోనే. దస్తావేజుల్లో చివరికి వచ్చే పేజీ కాబట్టి ఫొటోలు తీసేవాళ్లు దాన్నే వదిలేస్తుంటారు.

శనివారం మొదటి పది నిమిషాలు లింకులకు పోయాయి. 1994లో అమ్మేవారి తండ్రి కొన్నాడు, ఆ దస్తావేజు సక్రమంగానే ఉంది. ఈసీలోనూ ఆ తర్వాత లావాదేవీ ఏదీ లేదు. కొనే మనిషి ఊపిరి పీల్చుకున్నాడు. వకీలు మాత్రం ఆ నాలుగు వరుసల్లో ఒకదాని దగ్గర ఆగాడు: ‘నాన్న పోయాక కొడుక్కి వచ్చింది.’

‘తోడబుట్టినవాళ్లు ఉన్నారా?’

‘ఒక చెల్లెలు ఉందట సార్. పెళ్లయిపోయింది.’

రెండో పది నిమిషాలు దీనికే. తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కి, కూతురికి సమాన వాటా. తల్లి బతికే ఉంది కాబట్టి ముగ్గురూ సంతకాలు పెట్టాలి. కూతురికి పెళ్లయిందని వాటా పోదు. ఈసీ ఈ సంగతి చెప్పదు. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనిపిస్తాయి, వారసుల పేర్లు ఉండవు.

చివరి పది నిమిషాల్లో ఒప్పందానికి షరతులు రాసుకున్నారు. తల్లి, చెల్లెలు అమ్మకందారులుగా చేరాలి. వారసుల ధ్రువపత్రం చూపాలి. అప్పటిదాకా బయానా చెల్లించకూడదు.

5.30కి కొనే మనిషి లేచాడు. చేతిలో మూడు షరతుల కాగితం, జేబులో బయానా డబ్బు అలాగే ఉన్నాయి.