కార్తెలు, సంక్రాంతులు, ఋతువులు: నాక్షత్ర సాయన వత్సరముల యంతరము

ఆంధ్రదేశ శాసనములలో దానకాలమును తెలుపునపుడు శకవర్షము, తిథి, వారములతోపాటు ‘ఉత్తరాయణ నిమిత్తమున’ అను మాట తఱచుగా కానవచ్చును. శాసనముల తేదీలను నేటి లెక్కలోనికి మార్చుటకు పూనుకొన్న విద్యార్థులు కొందఱు ఈ మాటకు సూర్యుడు దక్షిణపు కొసనుండి ఉత్తరమునకు మరలు దినమని అర్థము చెప్పుకొని లెక్కించుచున్నారు. అట్లు లెక్కించినపుడు వారము కుదురదు, తిథియు కుదురదు. అంతట శాసనము కూటశాసనమనియో, లేఖకుడు పొరపడెననియో నిర్ణయించుటకు సిద్ధపడుదురు. తప్పు శాసనమున లేదు, లేఖకునియందును లేదు. రెండు విధములైన సంవత్సరములను ఒకటిగా భావించుటలో నున్నది. ఆ రెంటి భేదమును, అది శతాబ్దములు గడచుకొలది తేదీలను ఋతువులనుండి యెట్లు తొలగించునో విజయవాడ, కృష్ణాడెల్టాల యుదాహరణములతో ఇచట వివరింతుము.

సూర్యుడు ఒక నక్షత్రముకడ బయలుదేరి తిరిగి ఆ నక్షత్రమునే చేరుటకు పట్టు కాలము నాక్షత్ర వత్సరము, దీనినే నిరయనమందురు. దాని ప్రమాణము 365 దినముల 6 గంటల 9 నిమిషముల 10 సెకండ్లు. సూర్యుడు వసంత విషువమున బయలుదేరి తిరిగి విషువమును చేరుటకు పట్టు కాలము సాయన వత్సరము. ఇది 365 దినముల 5 గంటల 48 నిమిషముల 45 సెకండ్లు. ఎండ, వాన, చలి, పగటి నిడివి రెండవదానిని అనుసరించును. మన రాశులు, సంక్రాంతులు, కార్తెలు మొదటిదానిని అనుసరించును.

ఈ రెంటికిని ఇరువది నిమిషములకు పైబడిన యంతర మేల కలిగెను? భూమి అక్షము బొంగరము తలవలె మెల్లగా చుట్టు తిరుగుచున్నది. అందుచేత విషువస్థానము నక్షత్రముల నడుమ ఏటేట 50 వికలలకు కొంచెము మించి వెనుకకు జరుగుచుండును. సూర్యుడు ముందుకు వచ్చుచుండగా విషువము తానే కొంత యెదురు వచ్చును గనుక విషువమును ముందుగా చేరును. నక్షత్రమును చేరుటకు మఱి యిరువది నిమిషములు నడవవలసి యుండును. ఒక యేట ఇది లెక్కకు రాదు. డెబ్బదియేండ్లకు ఒక దినమగును.

మన ప్రాచీన పంచాంగములకు ఆధారమైన సూర్యసిద్ధాంతమున వత్సర ప్రమాణము 365 దినముల 6 గంటల 12 నిమిషముల 36 సెకండ్లు. ఇది నిజమైన నాక్షత్ర వత్సరముకంటె మూడున్నర నిమిషములు హెచ్చు. కావున సూర్యసిద్ధాంతము ననుసరించిన సంక్రాంతి ఋతువునుండి అఱువది యేండ్లకే ఒక దినము తొలగును. శాసనకాలపు లెక్కలకు మనము గ్రహింపవలసినది ఈ అఱువదియేండ్ల సూత్రమే. ఆ పంచాంగములు వేసినవారు ఈ ప్రమాణమునే వాడిరి గాని నేటి వేధశాలల ప్రమాణమును గాదు.

ఇక ఒక యుదాహరణమును తీసికొందము. ఒక శాసనమున శకవర్షము 1050, ఉత్తరాయణ సంక్రాంతి, సోమవారము అని యున్నదనుకొందము. గతశకము 1050కి 3179 కలుపగా కలి గతాబ్దములు 4229 వచ్చును. కలి ప్రారంభమునుండి ఇన్ని సూర్యసిద్ధాంత వత్సరములను దినములుగా మార్చి, మధ్యమ సంక్రాంతికి స్ఫుట సంక్రాంతికి గల రెండు దినముల పైచిలుకు అంతరమును తీసివేసినచో క్రీ.శ. 1128 మార్చి 24 తెల్లవారకముందే మేష సంక్రమణము తేలును. అచటినుండి సూర్యుడు తొమ్మిది రాశులు దాటుటకు సుమారు 275⅔ దినములు పట్టును. కావున మకర సంక్రమణము ఆ యేటి డిసెంబరు 24 సాయంకాలమున జరిగెను. ఈ తేదీలు జూలియన్ లెక్కలోనివి. ఆ దినము సోమవారము, అమావాస్యకు దగ్గఱి దినము. శాసనపు వారము సరిపోయినది.

సూర్యుడు నిజముగా మరలిన దినమును పట్టుకొన్నచో ఏమగునో చూతము. క్రీ.శ. 1128లో సూర్యుడు దక్షిణపు కొసను చేరినది డిసెంబరు 14, 15ల నడిమి రాత్రి ప్రాంతమున. అవి శుక్ర శనివారములు. తిథియు అమావాస్యకు ఎనిమిది తొమ్మిది దినములు ముందుగా నుండును. వారము, తిథి రెండును తప్పును. శాసనమును శంకించుటకు ఇంతకంటె కారణము అక్కఱలేదని తొందరపడు పరిశోధకునకు తోచును. కాని సూత్రమును స్మరింపుడు. సూర్యసిద్ధాంతపు లెక్కలో రాశిచక్రమును విషువమును కలిసి యుండిన కాలము క్రీ.శ. 499 ప్రాంతము. అచటినుండి 1128 వఱకు గడచినవి 629 ఏండ్లు. అఱువదింటికి ఒక దినము చొప్పున పది దినముల యంతరము రావలయును. వచ్చినదియు అంతయే.

ఒక్క హెచ్చరిక. పై సంక్రమణము సాయంకాలమున జరిగినది. సంక్రమణము సూర్యాస్తమయమునకు పిమ్మట జరిగినచో స్నానదానాదుల పుణ్యకాలము మఱునాటికి పోవుట కలదు. కాబట్టి శాసనమున మంగళవారమని యున్నను త్రోసివేయరాదు. ఒక దినపు తేడా ఆచారమువలన రావచ్చును. తొమ్మిది పది దినముల తేడా వచ్చినచో అది మన మెంచుకొన్న వత్సరము తప్పని తెలుపును.

మన పూర్వులకు ఈ చలనము తెలియదా యన్నచో తెలియుననియే చెప్పవలయును. వేదాంగజ్యోతిషము ధనిష్ఠాదియందు ఉత్తరాయణమును చెప్పినది. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు పూర్వ మట్లుండెననియు, తన కాలమున మకరాదియందే యయనము జరుగుచున్నదనియు గుర్తించెను. నేడు సూర్యుడు ఉత్తరమునకు మరలునపుడు మూలా నక్షత్రమున నుండును. వరాహమిహిరుని కాలమున మకర సంక్రాంతియు ఉత్తరాయణమును ఇంచుమించు ఒకటియే గనుక ఒకదాని పేరు మఱియొకదానికి చెల్లినది. కాలము కదలిపోయినను పేరు నిలిచిపోయినది.

మఱి పేరును సవరింపకపోవుటకు సూర్యసిద్ధాంతమందే ఒక కారణము కానవచ్చును. అయనచలనము ఏకముఖముగా సాగునని ఆ గ్రంథము చెప్పదు. విషువము ఇరువదియేడంశల మేర ఒకవైపునకు పోయి, మరలివచ్చి, రెండవవైపునకు పోవునని దాని మతము. ఏటికి 54 వికలల చొప్పున ఇరువదియేడంశలు పోవుటకు 1800 ఏండ్లు పట్టును, అనగా క్రీ.శ. 2299 ప్రాంతమున అది వెనుదిరుగవలెను. దానంతటది తిరిగివచ్చు అంతరమును సవరింప నేల యని ఆ మతమును నమ్మినవారు తలంచియుందురు. అయనస్థానము ఊగదనియు, సుమారు 25,800 ఏండ్లకు చక్రమంతయు చుట్టివచ్చుననియు ఇప్పుడు నిశ్చయముగా తెలిసినది.

నేటి యంతరమును విజయవాడలో నెవరైనను కంటితో చూడవచ్చును. పగటి నిడివిచేత పోల్చుకొనుట కష్టము. 16½ అంశల అక్షాంశము గల యీ పట్టణమున డిసెంబరు 21 పగటికంటె జనవరి 14 పగలు ఆఱు నిమిషములే హెచ్చు. కాని సమతలమైన మేడపై పండ్రెండంగుళముల శంకువును నిలిపి మధ్యాహ్నచ్ఛాయను కొలిచినచో డిసెంబరు 21న పదియంగుళముల నీడ పడును. సంవత్సరమంతటిలో ఉత్తరమునకు పడు మధ్యాహ్నచ్ఛాయలలో అదియే పెద్దది. పెద్దపండుగనాడు కొలిచినచో తొమ్మిదిం బావుకు కొంచెము పైన నుండును. నీడ అప్పటికే ముప్పాతిక యంగుళము తగ్గినది. ఆ తగ్గుదలయే ఇరువదినాలుగు దినముల చలనము.

కృష్ణాడెల్టా రైతునకు ఈ విషయము కార్తెల మూలమున తగులును. కార్తె యనగా సూర్యుడు ఒక నక్షత్రమున నుండు పదుమూడు పదునాలుగు దినముల కాలము. నేడు రోహిణి మే 25 ప్రాంతమునను, మృగశిర జూన్ 8 ప్రాంతమునను, ఆరుద్ర జూన్ 22 ప్రాంతమునను ప్రవేశించుచున్నవి. నైఋతి ఋతుపవనము జూన్ మొదటి పక్షమున కోస్తాకు చేరుట వాడుక గనుక తొలకరి మృగశిరతో ముడిపడియున్నది. పైన చెప్పిన 1128లో సూత్రము ప్రకారము ఇవి ఋతువును బట్టి పదునైదు దినములు ముందుగా వచ్చెడివి. నేటి లెక్కలో చెప్పవలెనన్న మృగశిర మే 24కును, ఆరుద్ర జూన్ 7కును వచ్చియుండును. అనగా నేడు మృగశిర యున్నచోట నాడు ఆరుద్ర యుండెను. స్థూలముగా తొమ్మిదివందల యేండ్లకు ఒక కార్తె జరుగునని గుర్తుంచుకొనవచ్చును.

ఇందుచేత కార్తెల సామెతలను బట్టి వాని కాలమును నిర్ణయింపవచ్చునా యను ప్రశ్న సాహిత్య విద్యార్థులకు పుట్టును. రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెతనే చూడుడు. 1128లో రోహిణి మే 10 ప్రాంతమున వచ్చెడిది. నేడు మే 25న వచ్చుచున్నది. రెండును విజయవాడలో మండు వేసవియే. సామెత రెండు కాలములకును చెల్లును. కావున దాని వయస్సును చెప్పజాలదు. వానరాకయు ఏటికేడు ఒకటి రెండు వారములు ముందు వెనుకలగుచుండును గనుక తొలకరి సామెతలును ఇంతకంటె గట్టి సాక్ష్యము కానేరవు. ఒక కార్తెకు మించిన యంతరము కానవచ్చినచోటనే వీనినుండి ఏమైనను ఊహింపదగును. కాని భవిష్యత్తునుగూర్చి ఒకమాట చెప్పవచ్చును. మఱి తొమ్మిదివందల యేండ్లకు రోహిణి జూన్ మొదటి వారము దాటి ప్రవేశించును. వానలు నేటివలెనే వచ్చుచున్నచో నాడు రోళ్లు పగులవు, తడియును.

డెల్టా కాలువలమాట వేఱు. 1855లో విజయవాడకడ ఆనకట్ట పూర్తియైన పిమ్మటను, 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చిన పిమ్మటను నీటి విడుదల ప్రవాహమును బట్టియు, ఇంగ్లీషు తేదీలను బట్టియు నడచుచున్నది. ఇంగ్లీషు తేదీలు సాయనవత్సరమును అనుసరించును గనుక అవి ఋతువునుండి తొలగవు. రైతు నారుమడికి కార్తెను చూచును. కాలువకు తేదీని చూచును. ఒకే చేనియందు రెండు వత్సరములును నడచుచున్నవి.

భారత ప్రభుత్వము 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన నియమించిన పంచాంగ సంస్కరణ సంఘము ఈ చిక్కునే విచారించినది. 1957 మార్చి 22న అమలులోనికి వచ్చిన జాతీయ పంచాంగమున మాసములు సాయనములు. అందు పౌషమాసము డిసెంబరు 22న, అనగా నిజమైన అయనము వెంటనే, మొదలగును. ప్రజలు మాత్రము పండుగలను నిరయన గణనముననే చేసికొనుచున్నారు. ఆ యాచారము తప్పని మేము చెప్పము. శాసనకాలపు దాతయు ఆ సంక్రమణముననే నీరుధార పోసెను. అందుచేతనే శాసనమున ‘ఉత్తరాయణ’మని చూచినపుడు పరిశోధకుడు ఆకాశమున సూర్యుడు మరలిన దినమును గాక, ఆనాటి పంచాంగమున సూర్యుడు మకరమును ప్రవేశించిన దినమును ముందుగా లెక్కింపవలయును.