ట్రైనర్ రెజ్యూమెలో కండలు కాదు, లెక్కలు కనిపించాలి

జిమ్‌లో ట్రైనర్ ఉద్యోగానికి వచ్చే రెజ్యూమెల్లో ఎక్కువ భాగం ఒకేలా ఉంటాయి. పైన కండలు చూపిస్తున్న ఫొటో, కింద ‘సర్టిఫైడ్ ట్రైనర్’, ఆ తర్వాత ‘వందల మంది బరువు తగ్గించాను’ అనే వాక్యం. ఇందులో జిమ్ మేనేజర్ సరిచూసుకోగలిగేది ఒక్కటీ లేదు. తన దగ్గరికి వచ్చే బీపీ మనిషినీ, మోకాలు అరిగిన అమ్మనూ మీ చేతిలో పెట్టవచ్చా అన్నదే ఆయనకు కావలసిన విషయం.

‘సర్టిఫైడ్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. సంస్థ పేరు, సర్టిఫికెట్ పూర్తి పేరు, నంబరు, గడువు తేదీ నాలుగూ రాయండి. అమెరికాకు చెందిన ఏసీఈ, ఎన్‌ఏఎస్‌ఎం సర్టిఫికెట్లను రెండేళ్లకోసారి, ఏసీఎస్‌ఎం సర్టిఫికెట్‌ను మూడేళ్లకోసారి నిరంతర విద్య గంటలు చూపించి పునరుద్ధరించుకోవాలి. గడువు దాటిపోయి ఉంటే ఆ మాటే రాసేయండి. దాచిపెడితే ఒక్క సోదాతో బయటపడుతుంది. వారాంతపు వర్క్‌షాప్‌లో ఇచ్చిన హాజరు పత్రాన్ని సర్టిఫికేషన్ వరుసలో చేర్చకండి. దాన్ని ‘వర్క్‌షాప్‌లు’ అని విడిగా పెడితే గౌరవంగా ఉంటుంది.

అసలు కష్టమంతా క్లయింట్ ఫలితాలు రాయడంలోనే ఉంది. ఉదాహరణకు, 62 ఏళ్ల ఒక మహిళకు మీరు శిక్షణ ఇచ్చారనుకుందాం. ‘మోకాళ్ల నొప్పి తగ్గించి, 8 కిలోలు తగ్గించాను’ అని రాశారు. చదివేవాడికి వెంటనే సందేహాలు వస్తాయి. ఎన్నాళ్లలో? ఎలా కొలిచారు? నొప్పి తగ్గించడం ట్రైనర్ పనా? అదే విషయాన్ని ఇలా రాసి చూడండి: ‘62 ఏళ్ల మహిళ, మోకాలి అరుగుదల, ఆర్థోపెడిక్ డాక్టర్ అనుమతితో. 16 వారాలు, వారానికి 3 సెషన్లు. 48కి 43 హాజరు. 30 సెకన్లలో కుర్చీలోంచి లేచి కూర్చోవడం 9 సార్ల నుంచి 14కు. నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్ల నుంచి 93కు.’

ఇందులో కుర్చీ పరీక్షను కావాలనే ఎంచుకున్నాను. చేతులు గుండెకు అడ్డంగా కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెట్టే పరీక్ష అది. 60–64 ఏళ్ల మహిళల్లో ఎక్కువమందికి 12 నుంచి 17 మధ్య వస్తుంది. కాబట్టి 9 నుంచి 14కు రావడమంటే ఆమె తన వయసు వాళ్లతో సమానమైన స్థాయికి చేరినట్టే. బరువు నీటితో, ఉప్పుతో కూడా రోజురోజుకీ మారుతుంది. కాళ్ల బలం అలా ఒక్క రోజులో మారేది కాదు. హాజరు రాయడం కూడా ముఖ్యమే, ఎందుకంటే క్లయింట్‌ను మధ్యలో మాననివ్వకుండా నిలుపుకోవడమే జిమ్‌కు ఆదాయం. పేరు మాత్రం రాయకూడదు. ముందు, తర్వాత ఫొటోలు పెట్టాలంటే ఆమె రాతపూర్వక అనుమతి ఉండాలి.

గ్రూప్ క్లాసుల దగ్గర పేర్ల జాబితా ఒక్కటే చాలదు. ‘హిట్, 45 నిమిషాలు, 18 మంది, వారానికి 4 క్లాసులు, దూకలేని వారికి అడుగు పక్కకు వేసే రూపం’ అని రాస్తే క్లాసు కళ్లకు కడుతుంది. టబాటా అని రాస్తే దాని లెక్క తెలిసి ఉండాలి: 20 సెకన్ల తీవ్ర వ్యాయామం, 10 సెకన్ల విరామం, 8 రౌండ్లు, మొత్తం 4 నిమిషాలు. గంటసేపు టబాటా చెప్పానంటే ఇంటర్వ్యూలో చిక్కుకుంటారు. జుంబా ట్రేడ్‌మార్కు పేరు. లైసెన్స్ లేకపోతే ‘డాన్స్ ఫిట్‌నెస్’ అని రాసుకోవడమే సరైన పద్ధతి.

భద్రత గురించి చాలామంది చివర్లో ‘ఫస్ట్ ఎయిడ్ తెలుసు’ అని ముగించేస్తారు. నన్నడిగితే సీపీఆర్, ఏఈడీ కార్డు రెజ్యూమెలో మొదటి సగంలోనే ఉండాలి. బొమ్మ మీద చేతులతో సాధన చేసి తెచ్చుకున్నదా, వీడియో చూసి తెచ్చుకున్నదా అన్నది కూడా రాయాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలని చదివితే తెలుస్తుంది. అంత లోతు నొక్కడానికి ఎంత బలం కావాలో మాత్రం చేతులకే తెలియాలి. కొత్త క్లయింట్‌తో పార్‌క్యూ ప్రశ్నావళి నింపిస్తారని, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వంటి వాటికి ‘అవును’ అంటే డాక్టర్ దగ్గరికి పంపాకే మొదలుపెడతారని ఒక వాక్యం చేర్చండి. డిస్క్ సమస్య, భుజం గాయం ఉన్నవారి దగ్గర ‘నయం చేశాను’ అనే మాట వద్దు. ‘ఫిజియోథెరపిస్ట్ సూచనల ప్రకారం వ్యాయామాలు మార్చాను’ అనండి. మీ హద్దు మీకు తెలుసని ఆ వాక్యమే చెబుతుంది.

ఇవన్నీ ఒకటి, మహా అయితే రెండు పేజీల్లో సరిపోతాయి. పంపేముందు సీపీఆర్ కార్డు గడువు ఒకసారి చూసుకోండి. దాటిపోతే ముందు దాన్ని పునరుద్ధరించుకుని, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి.