కొట్టివేతల మధ్య అసలు లెక్క

వైట్‌బోర్డు ఫోటోలో 2(x − 3) = 5x + 9 అనే సమీకరణం ఉంది. దాని కింద 2x − 3 = 5x + 9 అని రాసి అడ్డంగా కొట్టేశారు. ఆ కింద −3x = 12, x = −4 అలాగే మిగిలాయి. మొదటి వరుస నుంచి కుడివైపుకు ఒక బాణం, అక్కడ 2x − 6 = 5x + 9, −3x = 15, x = −5.

కొట్టివేత లేదు కదా అని x = −4నే జవాబుగా తీసుకోవడం తరచూ జరిగే పొరపాటు. ఒక మెట్టు కొట్టేస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ పోయినట్టే. రాసేవాళ్లు తొందరలో వాటిని కొట్టరు, అంతే. అందుకే ప్రతి వరుస ఏ వరుస నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూడాలి. 12 వచ్చింది కొట్టేసిన −3 నుంచే. బాణం మొదలైనది మాత్రం చెక్కుచెదరని మొదటి వరుస దగ్గర. కాబట్టి ఉద్దేశించిన సాధన కుడివైపుదే.

x = −5 ప్రతిక్షేపిస్తే రెండు వైపులా −16 వస్తుంది. అయితే ఈ సరిచూపు సాక్ష్యానికి తోడు మాత్రమే. బాణం చూపిన లెక్క తప్పయినా రాసినవారి జవాబు అదే. దిద్దేవారు సరైన జవాబు కోసం కొట్టివేతల్లో వెతకకూడదు.

భిన్నాల్లో మరో చిక్కు ఉంది. లవహారాల్లో ఒకే కారణాంకం మీద జంటగా కనిపించే ఏటవాలు గీతలు రద్దు చేసిన గుర్తులు కావు, సూక్ష్మీకరణలో భాగం. బోర్డు మీద లైటు మెరిసి బాణం మొన కనబడకపోతే మరో కోణంలో తీసిన ఫోటో అడగడమే మంచిది.