‘ఖాళీ స్థలం’ అని రాస్తే ఎక్కడికి వెళ్లాలి?

2011 మార్చి 11 మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలకు జపాన్ ఈశాన్య తీరాన్ని పెద్ద భూకంపం కుదిపేసింది. ఇషినోమాకి నగర పరిధిలోని ఒకావా ప్రాథమిక పాఠశాల పిల్లలు బల్లల కింద దూరారు. కుదుపు ఆగాక వరసకట్టి ఆటస్థలంలోకి వచ్చారు. అక్కడి దాకా అంతా డ్రిల్‌లో నేర్చుకున్నట్టే జరిగింది. సముద్రం దాదాపు 4 కిలోమీటర్ల దూరం. కానీ బడి పక్కనే కితకామి నది ఉంది, సునామీ ఆ నది వెంట లోపలికి వచ్చింది. నీళ్లు బడిని ముంచేసరికి భూకంపం వచ్చి దాదాపు 50 నిమిషాలైంది. ఆ సమయంలో ఎక్కువసేపు పిల్లలు ఆటస్థలంలోనే ఉన్నారు. 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు కొట్టుకుపోయారు. బడి వెనకే కొండ ఉంది.

ఆ బడికి రాతపూర్వకమైన ప్రణాళిక లేకపోలేదు. ఆటస్థలం కూడా ప్రమాదకరమైతే దగ్గర్లోని ‘ఖాళీ స్థలం, పార్కు’ లాంటి చోటికి వెళ్లాలని అందులో ఉంది. ఏ ఖాళీ స్థలం, ఎంత ఎత్తున, ఏ దారిన అన్నది లేదు. ప్రధానోపాధ్యాయుడు ఆ రోజు బడిలో లేరు. కొండెక్కడమా, వంతెన దగ్గరి మిట్టకు వెళ్లడమా అన్న తర్జనభర్జనలోనే సమయం కరిగిపోయింది. 2018లో సెందాయ్ హైకోర్టు తప్పును ఆ 50 నిమిషాల్లో వెతకలేదు, అంతకుముందు కాగితం రాసినప్పుడు, దాన్ని సరిదిద్దనప్పుడు వెతికింది. 2019లో జపాన్ సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

మన దగ్గర 2004 జూలై 16న కుంభకోణంలో వంటశాల నిప్పు ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత, 2009లో, బడుల్లో మంటలార్పే పరికరాలు ఉండాలని, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని మన సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే చాలా బడుల్లో ఇప్పుడు ఒక ఫైలు ఉంటుంది. పక్క బడి నుంచి తెచ్చి పేరు మార్చిన ఫైలైతే అది తనిఖీకి పనికొస్తుందేమో గానీ మంటకు పనికిరాదు.

అసలు దాన్ని ఎలా రాయాలో చూడటానికి ఒక జిల్లా పరిషత్ హైస్కూలును ఊహించుకుందాం. ఒక అంతస్తు మేడ. పైన నాలుగు గదులు, 160 మంది పిల్లలు. తూర్పున ఒక మెట్లదారి, పడమర ఒకటి. తూర్పు మెట్లు దిగితే పక్కనే మధ్యాహ్న భోజనం వండే షెడ్డు, గ్యాస్ సిలిండర్లు, ఆ వెనక పెద్ద గేటు. పడమర మెట్ల కింద గ్రిల్ తలుపుకు ఎప్పుడూ తాళం. ‘పిల్లలు బయటికి పోతారని’ వేసిన తాళం అది.

రాయడానికి కూర్చునే ముందు దారిని నడిచి చూడాలి. ఈ బడిలో మంట పుట్టే అవకాశం ఎక్కువగా ఉన్నది వంట షెడ్డులో, అదీ పదకొండు గంటల ప్రాంతంలో. ఆ మాట ఒప్పుకున్నాక తూర్పు మెట్లు అందరికీ దారి అని రాయలేం, ఎందుకంటే అవి పిల్లల్ని నేరుగా మంట దగ్గరికి దించుతాయి. కాబట్టి పైనున్నవాళ్లందరూ పడమర దిగాలి. అప్పుడు తాళం సంగతి తేలాలి. ‘తాళంచెవి అటెండర్ దగ్గర ఉంటుంది’ అని రాస్తే అటెండర్ బ్యాంకుకు వెళ్లిన రోజు ఆ వాక్యం అబద్ధమవుతుంది. బడి వేళల్లో తాళం ఉండకూడదు, లోపలి నుంచి తీసే గడియ మాత్రమే ఉండాలి, పిల్లలు పోకుండా గేటు దగ్గర మనిషి ఉండాలి. చేరే చోటు కూడా పెద్ద గేటు ముందు కాదు, ఫైరింజన్ వచ్చేది అటే. వెనక ఆటస్థలంలో, కరెంటు తీగల కిందికి రాకుండా, గోడకు ఆనకుండా, వాలీబాల్ కోర్టు అవతలి గీత అని రాయాలి. అక్కడినుంచీ కదలాల్సి వస్తే వెనక చిన్న గేటు, ఆపైన ఏ వీధి అన్నది కూడా రాయాలి. ఒకావా కాగితంలో లేనిది ఈ రెండో మెట్టే.

ఇక ఎవరేం చేయాలి? గంట కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని మొదటి వాక్యంగా రాయాలి. పొగ చూసినవాళ్లే కొడతారు, వంటావిడైనా సరే. కరెంటు గంట మీద ఆధారపడకూడదు. వేలాడదీసిన ఇనుప పట్టా కొట్టే పాత గంట ఇందుకు మేలు, పీరియడు గంటతో కలవకుండా ఆగకుండా కొట్టాలి. 101కో 112కో ఫోన్ చేసే మనిషి వేరు. హెచ్‌ఎం లేకపోతే నిర్ణయం ఎవరిదో, ఆయనా లేకపోతే ఎవరిదో వరసగా ఉండాలి. పిల్లల్ని దించేది క్లాస్ టీచర్ కాదు, ఆ పీరియడులో గదిలో ఉన్న టీచర్. మరుగుదొడ్లు, ల్యాబ్, లైబ్రరీ చూసి చివర వచ్చే బాధ్యత ఒక్కరికి అప్పగించాలి. మంట అటువైపే ఉంటే వెళ్లొద్దనీ అక్కడే రాయాలి. చక్రాల కుర్చీలో వచ్చే అబ్బాయి ఉన్నాడా? అతన్ని మోయడానికి మనుషుల్ని వెతికే ముందు, ఆ తరగతినే కింది గదిలోకి మార్చేయడం తేలిక.

నన్నడిగితే ఈ ఏర్పాట్లన్నిట్లో ముందుగా దెబ్బతినేది లెక్క. హాజరు పట్టీ మొదటి పీరియడయ్యాక స్టాఫ్ రూంకి వెళ్లిపోతుంది, లేదా హాజరు టీచర్ ఫోన్‌లోని యాప్‌లో ఉంటుంది. అందుకే తలుపు పక్కన మేకుకు ఒక అట్ట తగిలించి, దాని మీద ఆ రోజు వచ్చినవారి సంఖ్య రాసి, బయటికి వెళ్తూ లీడర్ పట్టుకెళ్లేలా పెట్టాలి.

డ్రిల్ రోజు మూడు సమయాలు రాసుకోవాలి: గంట మోగింది, చివరి పిల్ల భవనం దాటింది, లెక్క సరిపోయింది. మన బడిలో ఒకే మెట్లదారిన సెకనుకు ఒకరు దిగినా 160 మందికి మూడు నిమిషాలు కావస్తుంది. మొదటి డ్రిల్‌లో అంతే పట్టిందనుకుందాం. లెక్క సరిపోయేసరికి మాత్రం తొమ్మిది నిమిషాలయింది, ఎందుకంటే ఇద్దరు సుద్దముక్కల కోసం ఆఫీసుకు వెళ్లారు, అట్ట మీద సంఖ్య నిన్నటిది. హెచ్‌ఎం మూడు నిమిషాల సంగతే చెప్పి మెచ్చుకుంటే డ్రిల్ దండగ. తర్వాతిసారి లైబ్రరీలో ఒక పిల్లను, తోడుగా ఒక టీచర్ను కూర్చోబెట్టాలి, లేదన్న సంగతి ఎంతసేపటికి తెలుస్తుందో చూడాలి. ఇంకోసారి మెట్ల దగ్గర ఎర్రగుడ్డ పట్టుకుని ‘ఇక్కడ పొగ’ అని ఒకరు నిలబడాలి. భోజనవేళ ఒకసారి చేయాలి, అప్పుడు పిల్లలెవరూ తమ టీచర్ దగ్గర ఉండరు.

సమీక్ష అదే సాయంత్రం జరగాలి, వంటావిడ, వాచ్‌మన్, ఇద్దరు పిల్లలు కూడా కూర్చోవాలి. మెట్ల మలుపులో చిన్నపిల్లలు తోపులాటలో ఆగిపోయారని చెప్పేది ఆరో తరగతి పిల్లే, టీచర్లు వరస ముందు ఉంటారు కాబట్టి వాళ్లకు కనబడదు. కాగితం మీద మూడు గడులు చాలు: ఏం కనబడింది, ఏం మారాలి, ఎవరు ఏ తేదీలోగా. మన బడి మొదటి సమీక్షలో అవి ఇలా ఉంటాయి. పడమర గ్రిల్ గడియ తుప్పు పట్టింది, తీయడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. కొత్త గడియ, వ్యాయామ ఉపాధ్యాయుడు, శనివారంలోగా. అట్ట మీద నిన్నటి సంఖ్య. రెండో పీరియడు టీచర్ చూసి సంతకం పెట్టాలి, రేపటి నుంచే. పరిగెత్తుకొచ్చిన తల్లిదండ్రులు ఎవరికి దొరికిన పిల్లను వాళ్లు తీసుకెళ్లడంతో లెక్క మళ్లీ చెదిరింది. ఇకమీదట వెనక చిన్న గేటు దగ్గర సంతకం తీసుకున్నాకే అప్పగింత, డ్రాయింగ్ మాస్టారు, పాత ప్రణాళిక ప్రతులు గోడల మీంచి తీసేసి కొత్త తేదీతో అంటించడం కూడా ఆయనదే.