బ్యాటరీ స్ప్రేయర్ వైరు తెగితే టేపు చుట్టకండి: సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేసే పద్ధతి

పిచికారీ మధ్యలో బ్యాటరీ స్ప్రేయర్ ఆగిపోతే చాలామంది రైతులు ముందుగా బ్యాటరీనే అనుమానిస్తారు. కొత్త బ్యాటరీ కొని వేసినా కొన్నిసార్లు సమస్య తీరదు. అలాంటప్పుడు స్ప్రేయర్ అడుగు మూత విప్పి, పంపుకు వెళ్ళే వైర్లను ఒకసారి చూడండి. ఎప్పుడో తెగిన వైరును మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన అతుకు కనిపిస్తే, ముందు పరీక్షించాల్సింది దాన్నే.

వికారాబాద్ జిల్లాలో పత్తి వేసే ఒక రైతు స్ప్రేయర్ విషయంలో ఇదే జరిగింది. అది 16 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న మామూలు స్ప్రేయర్. రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా రెండు ట్యాంకులు కొట్టేసరికి నాజిల్ నుంచి మందు పొగలా రావడం మానేసి చుక్కలుగా పడేది. ఆయన కొడుకు అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటూ మొబైల్ రిపేరు కోర్సు నేర్చుకుంటున్నాడు. ట్యాంకును రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, స్ప్రేయర్‌ను బస్సులో కొడుకు దగ్గరకు పంపారు. పాడైన చోటు ఎలా దొరికిందో, మరమ్మతు ఎలా చేశాడో వివరంగా చెప్పుకుందాం. ఈ పని మీరూ ఇంట్లో చేసుకోవచ్చు.

అతుకు పాడైందని ఎలా తెలుస్తుంది?

ట్యాంకులో మంచినీళ్ళు పోసి పంపు నడుస్తుండగా మల్టీమీటర్‌తో కొలవాలి. మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. ఆ స్ప్రేయర్‌లో బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు ఉంటే, పంపు దగ్గరకు వచ్చేసరికి 10.9 మాత్రమే ఉంది. అంటే ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతోంది.

ఎక్కడ పోతోందో తెలియాలంటే, మీటరు పుల్లల్లో ఒకటి అతుకుకు ఇవతల, రెండోది అవతల పెట్టాలి. పంపు మాత్రం నడుస్తూనే ఉండాలి. మంచి అతుకు మీద 0.01 నుంచి 0.02 వోల్టు దాకా చూపిస్తుంది. ఆ స్ప్రేయర్ ఎర్ర వైరు అతుకు మీద 1.3 వోల్టులు చూపించింది. పంపు దాదాపు రెండున్నర ఆంపియర్లు తీసుకుంటోంది కాబట్టి ఆ అతుకులో మూడు వాట్లకు పైగా వేడిగా మారుతోంది. టేపు మీద వేలు పెడితే చురుక్కుమంది. బ్యాటరీ బాగానే ఉంది. పాడైంది వేలెడంత అతుకు మాత్రమే.

మీటరు లేకపోతే, పంపును పది నిమిషాలు నడిపి ఆపి, అతుకును తాకి చూడండి. పక్కనున్న వైరు కన్నా అతుకు వెచ్చగా ఉంటే అనుమానించాల్సిందే.

టేపు కింద ఏం జరిగింది?

టేపు విప్పితే లోపల రాగి తీగలు పచ్చగా, కొన్ని నల్లగా ఉన్నాయి. ప్లాస్టిక్ టేపు జిగురు ఎండకు మెత్తబడి అంచులు లేస్తాయి. పురుగుమందుల్లో, ముఖ్యంగా ఈసీ రకం మందుల్లో, నూనెలాంటి ద్రావకాలు ఉంటాయి. అవి తగిలితే జిగురు ఇంకా త్వరగా కరుగుతుంది. ఆ సందులోంచి మందు నీళ్ళు లోపలికి చేరతాయి, కానీ బయటికి ఆరిపోవు. గుడ్డ టేపు అయితే దీపం వత్తి నూనె పీల్చినట్టు నీటిని లోపలికి లాక్కుంటుంది. రాగి మీద తుప్పు పొర ఏర్పడిన కొద్దీ కరెంటు దారి ఇరుకై వేడి పెరుగుతుంది, ఆ వేడికి జిగురు మరింత జారుతుంది.

దీని మీదే ఇంకో చుట్టు టేపు వేయడం వల్ల ఉపయోగం లేదు. తీగల్ని టంకంతో ఒకటిగా కలిపి, బయటి నీరు చేరకుండా మూసేయాలి.

ఏ సామాను తెచ్చుకోవాలి?

హీట్ ష్రింక్ స్లీవ్ అంటే వేడి తగిలితే ముడుచుకుపోయే ప్లాస్టిక్ గొట్టం. తయారీలో దాన్ని సాగదీసి చల్లార్చి ఉంచుతారు. మళ్ళీ సుమారు 100 డిగ్రీల వేడి తగలగానే పాత సైజుకు రావాలని ముడుచుకుంటూ వైరును పట్టేస్తుంది. ఇందులో రెండు రకాలున్నాయి. పల్చటి మామూలు స్లీవ్ సగానికి ముడుచుకుంటుంది. లోపల జిగురు పూత ఉన్న మందపాటి స్లీవ్ మూడో వంతుకు ముడుచుకుంటుంది, ఆ జిగురు కరిగి అంచుల్ని మూసేస్తుంది. మందు నీళ్ళు తగిలే స్ప్రేయర్‌కు ఈ రెండో రకమే కావాలి. పల్చటి స్లీవ్ షాక్ కొట్టకుండా, షార్టు కాకుండా ఆపుతుంది కానీ నీటిని ఆపదు.

ఆ అబ్బాయికి అమీర్‌పేటలో ప్రాజెక్టుల సామాను అమ్మే దుకాణంలో పల్చటి రకమే దొరికింది. పంజగుట్టలో కార్ల వైరింగ్ చేసే మెకానిక్‌ను అడిగితే జిగురు స్లీవ్ ఇచ్చాడు. మీ ఊరి దగ్గర కూడా కారు, ట్రాక్టరు ఎలక్ట్రీషియన్లను అడగండి. హైదరాబాద్ వచ్చే పని ఉంటే కోఠిలోని గుజరాతీ గల్లీలో రెండు రకాలూ అమ్ముతారు.

సైజుకు ఒక్కటే లెక్క. ముడుచుకోక ముందు స్లీవ్ అతుకు మీదుగా సులువుగా జారాలి, పూర్తిగా ముడుచుకున్నాక వైరు మందం కన్నా సన్నగా ఉండాలి. స్ప్రేయర్ వైరు తొడుగుతో కలిపి సుమారు రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, మూడో వంతుకు ముడుచుకునే రకంలో 6 మిల్లీమీటర్ల స్లీవ్ సరిపోతుంది.

సోల్డరింగ్ ఐరన్ 40 నుంచి 60 వాట్లది ఉంటే ఈ వైరుకు హాయిగా సరిపోతుంది. 25 వాట్లదైతే వైరు వేడెక్కడానికి సమయం పడుతుంది, ఈలోగా తొడుగు కరుగుతుంది. టంకం తీగ 60/40 రకం, లోపల రోజిన్ ఫ్లక్స్ ఉన్నది తీసుకోండి. రేకు డబ్బాలు అతికేవాళ్ళు వాడే యాసిడ్‌ను మాత్రం వైర్లకు వాడకూడదు. అది స్లీవ్ లోపలే ఉండిపోయి రాగిని తినేస్తుంది.

అతుకు వేసే పద్ధతి

ముందుగా బ్యాటరీ వైర్లు విప్పి, బ్యాటరీని బయటికి తీసి దూరంగా పెట్టండి. మందు డబ్బాలు, పెట్రోలు దగ్గర్లో ఉండకూడదు. గాలి ఆడే చోట కూర్చోండి.

పచ్చబడ్డ వైరును, రాగి మెరుస్తూ కనిపించేదాకా వెనక్కి కత్తిరించాలి. నల్లబడ్డ రాగికి టంకం అంటదు, ఎంత వేడి చేసినా గోళీలా జారిపోతుంది. వైరు పొట్టిగా అయిపోతే అదే మందం ఉన్న కొత్త ముక్క కలపండి. ఎర్ర వైరు అతుకు, నల్ల వైరు అతుకు పక్కపక్కన రాకుండా, ఒకదానికన్నా ఇంకోటి రెండు అంగుళాలు ముందుకు ఉండేలా కత్తిరించాలి. అప్పుడు స్లీవ్ ఎప్పుడైనా చిరిగినా రెండూ తగలవు.

ఇప్పుడు స్లీవ్‌ను వైరుకు తొడగండి. ఈ పని మర్చిపోయి, అతుకు అందంగా పూర్తయ్యాక నాలుక కరుచుకోని వాళ్ళు తక్కువ. మన అబ్బాయి కూడా మొదటి అతుకును మళ్ళీ కోశాడు. స్లీవ్ పొడవు అతుకుకు రెండు వైపులా తొడుగు మీద ఒకటిన్నర సెంటీమీటర్లు కప్పేంత ఉండాలి. తొడిగాక దాన్ని అతుకుకు కనీసం జానెడు దూరం జరపండి, లేకపోతే ఐరన్ వేడికే ముడుచుకుపోతుంది.

రెండు కొసల్లో రెండేసి సెంటీమీటర్ల తొడుగు తీసి, తీగల్ని ఒకదానికొకటి ఎదురుగా పెట్టి, ఒక్కో కొసను రెండో దాని చుట్టూ బిగుతుగా చుట్టండి. జడలా పక్కకు మెలిపెడితే గుబ్బలా లేస్తుంది, స్లీవ్ దాని మీద సరిగా కూర్చోదు. చుట్టాక మెల్లగా లాగి చూడండి. టంకం పడకముందే అతుకు పట్టు నిలవాలి.

ఐరన్ మొనను తడి స్పాంజి మీద తుడిచి, కొంచెం టంకం అంటించి, అతుకు అడుగున ఆనించండి. టంకం తీగను ఐరన్‌కు కాకుండా అతుకు పైభాగానికి తాకించాలి. రాగి తగినంత వేడెక్కితే మూడు, నాలుగు సెకన్లలో టంకం దానంతట అదే తీగల మధ్యకు ఇంకుతుంది. అప్పుడు ఐరన్ తీసి, చల్లారేదాకా కదపకండి. మంచి అతుకులో టంకం పల్చటి మెరిసే పొరలా ఉండి, దాని కింద తీగల మెలికలు కనిపిస్తాయి. మసకగా, గరుకుగా, గుండ్రటి బొట్టులా కూర్చుంటే టంకం పైపైనే ఉందన్నమాట. మళ్ళీ వేడి చేయాలి. పొడుచుకు వచ్చిన తీగ మొనలుంటే కత్తిరించండి, అవి స్లీవ్‌ను లోపలి నుంచి పొడుస్తాయి.

అతుకు చల్లారాక స్లీవ్‌ను మధ్యకు తెచ్చి హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేయండి. మధ్యలో మొదలుపెట్టి కొసల వైపు వెళ్తే లోపలి గాలి బయటికి పోతుంది. వైరును తిప్పుతూ ఉండాలి. రెండు కొసల్లో చుట్టూ జిగురు సన్నటి వలయంలా బయటికి వస్తే మూత పూర్తయినట్టే. ఒకవైపే వస్తే రెండోవైపు నీళ్ళకు దారి ఉన్నట్టు. గన్ లేకపోతే లైటరు వాడొచ్చు కానీ మంటను తాకించకుండా, ఆపకుండా కదుపుతూ వేడి చూపాలి. స్లీవ్ మీద మసి పట్టినా బుడగలు లేచినా కోసేసి కొత్తది వేయండి.

అతుకు పని అయ్యాక అదే స్ప్రేయర్‌లో పంపు దగ్గర 12.2 వోల్టులు వచ్చాయి. టంకంలో సీసం ఉంటుంది, సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి.

ఎక్కడ ఈ పద్ధతి వాడకూడదు?

టంకం పట్టిన చోట వైరు పుల్లలా బిరుసవుతుంది. పంపు అదురుకు ఆ బిరుసు ఆగిపోయే చోటే వైరు విరుగుతుంది. అందుకే అతుకు మలుపులో ఉండకూడదు, రెండువైపులా ప్లాస్టిక్ టైతో బాడీకి కట్టాలి.

స్టార్టరు బాక్సులో స్క్రూ కింద బిగించే వైరు కొసలకు టంకం పూయకండి. టంకం మెత్తటి లోహం. స్క్రూ ఒత్తిడికి రోజురోజుకూ అణిగి పట్టు వదులవుతుంది, ఆ వదులే వేడెక్కి కాలుతుంది. అక్కడ లగ్ వేసి నొక్కించాలి. ట్రాక్టర్ బ్యాటరీ కేబుళ్ళకూ అంతే. అల్యూమినియం సర్వీసు వైరుకు మామూలు టంకం అసలు అంటదు. బోరులోకి దించే సబ్‌మెర్సిబుల్ కేబుల్ అతుకును ఈ స్లీవ్‌తో సరిపెట్టకండి. దానికి నీళ్ళలో వాడే జాయింటింగ్ కిట్ వేరే ఉంటుంది, ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.