కామర్స్ చదవని దుకాణదారు ఏ లెక్కల పుస్తకం తెరవాలి, ఎక్కడి నుంచి చదవాలి?

కళింగపట్నం లాంటి రేవు ఊళ్లో కిరాణా కొట్టుకు ఏడాదిలో రెండు నెలలు గట్టి పరీక్ష. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం. వేట లేకపోతే చేతిలో డబ్బు ఆడదు. బియ్యం, నూనె, సబ్బులు మాత్రం ఆగవు. "భాయ్, వేటకెళ్లాక ఇచ్చేస్తాను" అన్న మాట మీదే సరుకు వెళ్తుంది. జూన్ మధ్యకి గల్లాపెట్టె ఖాళీగా కనిపిస్తుంది, హోల్‌సేల్ వాళ్ల ఫోన్లు మొదలవుతాయి. కొట్టు నష్టంలో ఉందా, లాభమంతా బాకీల్లో ఇరుక్కుందా అన్నది గల్లా చూస్తే తెలియదు.

అప్పుడే చాలామంది అకౌంట్స్ పుస్తకం కోసం వెతుకుతారు. తెలుగులో అందరికీ అందుబాటులో ఉన్నవి ఇంటర్ కామర్స్ పుస్తకాలే. 1968లో మొదలైన తెలుగు అకాడమీ ప్రచురించిన వాణిజ్యశాస్త్రం పుస్తకాలు ఇంటర్ సీఈసీ చదివిన పిల్లలున్న ఇళ్లలో అటక మీద ఇంకా దొరుకుతాయి. తెలుగు కంటే ఉర్దూ చదవడం తేలికనుకునేవాళ్లకు ఎన్‌సీఈఆర్‌టీ మరో దారి. ఆ సంస్థ పాఠ్యపుస్తకాలను ఇంగ్లీషు, హిందీ, ఉర్దూల్లో తెచ్చి వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడుతుంది. అందులో పదకొండో తరగతి అకౌంటెన్సీ వెతుక్కోవాలి.

అసలు చిక్కు పుస్తకం చేతికొచ్చాకే మొదలవుతుంది. ఈ పుస్తకాలన్నీ పరీక్ష రాసే కుర్రాడి కోసం రాసినవి. మొదటి పేజీల్లో జంటపద్దు విధానం, వ్యక్తిగత ఖాతా, వాస్తవిక ఖాతా, నామమాత్రపు ఖాతా, పుచ్చుకునే వ్యక్తికి డెబిట్, ఇచ్చే వ్యక్తికి క్రెడిట్ అంటూ సూత్రాలు వస్తాయి. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించి వచ్చిన మనిషి ఆ సూత్రాల దగ్గరే నిద్రపోతాడు. తప్పు అతనిది కాదు. ప్రతి లావాదేవీని రెండుచోట్ల రాసే ఆ పద్ధతి 1494లో వెనిస్‌లో పచియోలీ అచ్చు వేసిన పుస్తకం నుంచి ప్రపంచమంతా పాకింది. అది పెద్ద వర్తకులు, భాగస్తులు, గుమాస్తాలు ఉన్న వ్యాపారానికి కుట్టిన చొక్కా. ఒక్కరే కూర్చునే కొట్టుకు అది వదులైపోతుంది.

కాబట్టి పుస్తకాన్ని మొదటి నుంచి చదవక్కర్లేదు. విషయసూచికలో 'ఒంటిపద్దు విధానం' అనో, 'అసంపూర్తి రికార్డుల నుంచి ఖాతాలు' అనో ఉన్న పాఠం వెతకాలి. పాత ఇంటర్ పుస్తకాల్లో అది రెండో సంవత్సరంలో వస్తుంది. కొత్తగా ఏదైనా పుస్తకం కొనేముందు కూడా ఈ పాఠం ఉందో లేదో చూసి కొనడం మంచిది, ఎందుకంటే సిలబస్ మారినప్పుడల్లా పాఠాలు పోతుంటాయి, వస్తుంటాయి. పూర్తి లెక్కలు లేని వ్యాపారి లాభం ఎలా తేల్చుకోవాలో చెప్పే పాఠం ఇదొక్కటే. పరీక్షల్లో దీనికి పెద్ద విలువ ఇవ్వరు గానీ, చిన్న కొట్టుకు పుస్తకం మొత్తంలో పనికొచ్చేది ఇదే.

భాష గురించి భయపడేవాళ్లకు ఓ మాట. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఆవర్జా అనే ఈ తెలుగు లెక్కల మాటలన్నీ అరబీ, ఫార్సీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చి చేరినవే. ఇంట్లో వినని మాటలు వీటిలో తక్కువే.

ఆ పాఠం చెప్పే పద్ధతికి కావలసింది రెండు తేదీలు. మొదటి తేదీన కొట్టుకు ఉన్నవన్నీ ఒకవైపు, ఇవ్వాల్సినవన్నీ మరోవైపు రాయాలి. ఉన్నవాటిలోంచి ఇవ్వాల్సినవి తీసేస్తే మిగిలేది మూలధనం. ఈ కాగితాన్ని వ్యవహారాల నివేదిక అంటారు. రెండో తేదీన మళ్లీ అదే పని. రెండు మూలధనాల మధ్య తేడాలో సొంతానికి తీసుకున్నది కలిపి, బయటి నుంచి కొత్తగా పెట్టింది తీసేస్తే లాభం తేలుతుంది.

ఒక ఊహా కొట్టుతో చూద్దాం. ఏప్రిల్ 14 రాత్రి, నిషేధానికి ముందు, గల్లా, బ్యాంకు కలిపి 38,000 రూపాయలు. అరల్లో సరుకు కొన్న ధరకు 1,60,000. జనం నుంచి రావలసినవి 22,000. ఫ్రిజ్, కాటా, అరలు 30,000. మొత్తం 2,50,000. హోల్‌సేల్ వాళ్లకు ఇవ్వాల్సింది 50,000. మూలధనం 2,00,000.

జూన్ 14 రాత్రి అదే లెక్క. డబ్బు 9,000కి పడిపోయింది. సరుకు 1,35,000. బాకీలు 96,000కి చేరాయి. ఫ్రిజ్ వగైరా కొంచెం పాతబడి 29,000. మొత్తం 2,69,000. హోల్‌సేల్ బాకీ 64,000. మూలధనం 2,05,000.

ఐదు వేలే పెరిగిందా? తొందరపడకూడదు. ఈ రెండు నెలల్లో ఇంటి ఖర్చుకు గల్లాలోంచి 18,000 తీశారు, కొట్టులోంచి ఇంటికి తీసుకెళ్లిన సరుకు మరో 7,000. పుస్తకం భాషలో ఇవి సొంతవాడకాలు, మొత్తం 25,000. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన డబ్బులోంచి 10,000 కొట్టులో పెట్టారు. అది అదనపు మూలధనం. ఇప్పుడు 2,05,000కి 25,000 కలిపి, 10,000 తీసి, పాత మూలధనం 2,00,000 తీసేస్తే 20,000 మిగులుతుంది. గల్లా ఖాళీ అయిన రెండు నెలల్లో ఆ కొట్టు సంపాదించిన లాభం అది.

ఎక్కడ తప్పుతుందో కూడా ఈ లెక్కలోనే కనిపిస్తుంది. సొంతవాడకాలు రాయకపోతే అదే కొట్టు 5,000 నష్టంలో తేలుతుంది. ఇంటికి తెచ్చుకున్న పప్పు, నూనె కూడా కొట్టు సొమ్మే కదా, అది ఏ రోజుకారోజు రాయాలి. రెండు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. కొడుకు డబ్బు మర్చిపోతే లాభం 30,000 అనిపిస్తుంది. మూడో పొరపాటు సరుకు విలువలో జరుగుతుంది. అరల్లో ఉన్నదాన్ని ఎమ్మార్పీకి లెక్కేస్తే, ఇంకా అమ్మని సరుకు మీద ముందే లాభం చూపించినట్టు. కొన్న ధరకే రాయాలి. పాడైనది, గడువు తీరినది అయితే ఎంతకు పోతుందో అంతకే రాయాలి.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఆ 96,000 బాకీల్లో ఎంత వస్తుందన్నది. పేరుపేరునా ఖాతా చూసి, ఊరు విడిచిపోయినవాళ్లవి, ఏడాదిగా కదలనివి పక్కన పెట్టాలి. అలా 8,000 రానిబాకీగా తేలితే లాభం 20,000 నుంచి 12,000కి దిగుతుంది. అందుకే ఖాతా పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ ఉండాలి. తేదీ, సరుకు, ఇచ్చింది, వచ్చింది, మిగిలింది అని ఐదు గళ్లు చాలు. ఇంటర్ పుస్తకంలో 'ఆవర్జా' పాఠం చెప్పేది కూడా ఇదే. ఎవరి ఖాతా వారి పేజీలో ఉండాలి. అమ్మకాలన్నీ తేదీ వరసలో ఒకే నోట్‌బుక్‌లో రాసుకుంటే ఒక మనిషి ఎంత బాకీయో తేల్చడానికి పుస్తకమంతా తిరగేయాలి.

అరువు రాయడం మనవాళ్లకు కొత్త విషయమేమీ కాదు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు, సూరె బఖరాలో 282వది, గడువు పెట్టుకున్న అప్పును రాసుకోవడం గురించే. చేతికి చేయి జరిగే నగదు బేరం రాయకపోయినా తప్పు లేదని కూడా అదే ఆయతు చెబుతుంది. చిన్న కొట్టుకు సరిగ్గా సరిపోయే విభజన అది. నగదు అమ్మకం రోజు మొత్తానికి ఒక అంకె రాస్తే చాలు. అరువు మాత్రం ఒక్కొక్కటీ పడాలి.

ఒంటిపద్దు పాఠం అర్థమయ్యాక వెనక్కి వెళ్లి 'నగదు చిట్టా' చదవాలి. రోజూ పొద్దున్న గల్లాలో ఉన్నది, వచ్చింది, పోయింది, రాత్రికి ఉండాల్సింది. ఫోన్‌లో వచ్చే డబ్బుకు పక్కన వేరే గడి గీసుకోవాలి. లేకపోతే గల్లా ఎప్పుడూ తక్కువే వస్తుంది, పాపం పనికుర్రాడి మీద అనుమానం పడుతుంది. ఆ తర్వాత 'బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక' పాఠం మొదటి రెండు పేజీలు చూస్తే మన లెక్కకీ బ్యాంకు లెక్కకీ తేడా ఎందుకొస్తుందో తెలుస్తుంది. కన్‌సైన్‌మెంట్, వర్తకపు బిల్లులు, భాగస్వామ్యం పాఠాలు వదిలేయొచ్చు. ముగింపు లెక్కల్లో మూలధనంపై వడ్డీ, సొంతవాడకాలపై వడ్డీ అని సర్దుబాట్లు వస్తాయి. అవి పరీక్ష కోసం పెట్టిన చిక్కుముడులే. అవి లేకపోయినా సొంత కొట్టు లెక్కకు లోటేమీ లేదు.

జంటపద్దు ఎప్పుడు కావాలి? అన్నదమ్ములు భాగస్తులైనప్పుడు, రెండో కొట్టు తెరిచినప్పుడు, గుమాస్తాను పెట్టినప్పుడు. ఒంటిపద్దుతో లాభం ఎంతో తెలుస్తుంది కానీ ఎక్కడి నుంచి వచ్చిందో, మధ్యలో ఎవరైనా తీశారో తెలియదు. ఆ లోటు పుస్తకం కూడా ఒప్పుకుంటుంది. ఇక పన్నుల విషయానికి ఏ పాత పుస్తకాన్నీ నమ్మకూడదు. జీఎస్టీ 2017లో వచ్చింది, అంతకు ముందు అచ్చయిన పుస్తకాల్లో దాని ఊసే ఉండదు. ఆ తర్వాతి వాటిలోనూ రేట్లు, పరిమితులు మారిపోయి ఉంటాయి. దానికి ఆడిటర్‌నే అడగాలి. పైన చెప్పిన రెండు కాగితాలు తీసుకెళ్తే ఆయన పని సగం అయిపోతుంది.

అదే కాగితం జకాత్‌కూ పనికొస్తుంది, అయితే రెండు మార్పులతో. ఫ్రిజ్, కాటా, అరలు లెక్కలోకి రావు, అవి అమ్మే సరుకు కాదు. సరుకును కొన్న ధరకు కాకుండా ఆ రోజు మార్కెట్ ధరకు కట్టాలని ఉలమాలు సాధారణంగా చెబుతారు. పై కొట్టులో అది 1,48,000 అనుకుందాం. నగదు 9,000, వస్తాయన్న నమ్మకమున్న బాకీలు 88,000 కలిపితే 2,45,000. హోల్‌సేల్‌కు ఇవ్వాల్సిన 64,000 పోగా 1,81,000. నిసాబ్ ఉండి, చాంద్రమాన సంవత్సరం నిండితే రెండున్నర శాతం, అంటే 4,525 రూపాయలు. ఇంట్లోని బంగారం, వేరే పొదుపు దీనికి విడిగా కలుస్తాయి. ఇంకా చేతికి రాని బాకీ మీద జకాత్ ఇప్పుడే ఇవ్వాలా, వసూలయ్యాక ఇవ్వాలా అన్న దానిలో అభిప్రాయ భేదాలున్నాయి. మసీదులో ఇమామ్ సాబ్‌ను అడిగేటప్పుడు బాకీల పేజీలు చేతిలో ఉంటే ఆయన ఏ బాకీకి ఏం వర్తిస్తుందో చూసి చెప్పగలరు.